బొమ్మలు తెరుచుకోని మెయిల్‌లో న్యూస్‌లెటర్: ప్లెయిన్ టెక్స్ట్ రూపం ఎలా తయారుకావాలి, ఎక్కడ చెడుతుంది

క్లుప్తంగా: అందంగా డిజైన్ చేసిన న్యూస్‌లెటర్‌ను మెయిల్‌లో పంపితే కొందరికి ఖాళీ గళ్లే కనిపిస్తాయి. ప్లెయిన్ టెక్స్ట్ రూపం కూడా జతచేస్తే సరిపోతుందని చాలామంది చెబుతారు. అది సగమే నిజం. బొమ్మలను ఆపే ప్రోగ్రామ్ వేరు, ప్లెయిన్ టెక్స్ట్ చూపించే ప్రోగ్రామ్ వేరు. రెండింటికీ విడివిడిగా ఏర్పాటు చేయాలి. ఆ రెండు ఏర్పాట్లూ ఒకే చోటి నుంచి మొదలవ్వాలి. అది బొమ్మలోకి వెళ్లకముందు ఉన్న రాతప్రతి. తెలుగు న్యూస్‌లెటర్లకు మరో మూడు చిక్కులు ఉన్నాయి: అను ఫాంట్లలో టైపైన మ్యాటర్, ఖాళీలతో నిలవని పట్టికలు, ఒక్కో కోడ్‌కు మూడేసి బైట్లు.

## బొమ్మలు ఆగినప్పుడు కనిపించేది ఏది?

విజయవాడ గవర్నర్‌పేటలోనో, గుంటూరు అరండల్‌పేటలోనో ఒక డీటీపీ సెంటర్‌లో న్యూస్‌లెటర్ తయారయ్యే తీరు దాదాపు ఒకేలా ఉంటుంది. మ్యాటర్ అను ఫాంట్లలో టైపవుతుంది. పేజీ పేజ్‌మేకర్‌లోనో కోరల్‌డ్రాలోనో కూర్చబడుతుంది. ప్రింటుకు ఒక ఫైలు, వాట్సాప్‌కు ఒక జేపీజీ ఇస్తారు. ఆ జేపీజీనే మెయిల్ మధ్యలో పెట్టి పంపడం మామూలు. పంపినవారి కంప్యూటర్‌లో అది చక్కగానే కనిపిస్తుంది. అందుకున్నవారిలో కొందరికి మాత్రం ఎర్ర గుర్తున్న తెల్ల గడి కనిపిస్తుంది.

దీనికి కారణం మెయిల్ తెరిచే ప్రోగ్రామ్‌ల అమరిక. మెయిల్‌లోని బొమ్మ సాధారణంగా మెయిల్‌తోపాటు రాదు, ఎక్కడో సర్వర్‌లో ఉంటుంది. దాన్ని తెచ్చుకోగానే ఈ మెయిల్‌ను ఎవరు, ఎప్పుడు తెరిచారో పంపినవారికి తెలిసిపోతుంది. అందుకే క్లాసిక్ డెస్క్‌టాప్ అవుట్‌లుక్ బొమ్మలను తనంతట తాను దించుకోదు. థండర్‌బర్డ్ కూడా బయటి బొమ్మలను ముందుగా ఆపే ఉంచుతుంది. జీమెయిల్ 2013 డిసెంబరు నుంచి బొమ్మలను తన సర్వర్ల మీదుగా తెచ్చి నేరుగా చూపిస్తోంది. అయితే సెట్టింగ్స్‌లో `Ask before displaying external images` ఎంచుకున్నవారికి అక్కడా ఆగిపోతాయి.

ఇక్కడే అసలు గందరగోళం ఉంది. బొమ్మలను ఆపిన అవుట్‌లుక్ ప్లెయిన్ టెక్స్ట్‌కు మారిపోదు. అది హెచ్‌టీఎంఎల్ రూపాన్నే చూపిస్తూ, బొమ్మల చోటును మాత్రం ఖాళీగా వదిలేస్తుంది. కాబట్టి పేజీ మొత్తం ఒకే జేపీజీ అయితే, ఎంత మంచి ప్లెయిన్ టెక్స్ట్ జతచేసినా ఆ పాఠకుడికి ఖాళీ గడే మిగులుతుంది. అతడికి అందేది హెచ్‌టీఎంఎల్‌లో అక్షరాలుగా ఉన్న మాటలు, బొమ్మకు ప్రత్యామ్నాయంగా `alt` లో రాసిన మాటలు, అంతే. ప్లెయిన్ టెక్స్ట్ రూపం చేరేది హెచ్‌టీఎంఎల్‌నే వద్దనుకునే చోటికి: మట్, ఆల్పైన్ లాంటి టెర్మినల్ ప్రోగ్రామ్‌లకు, థండర్‌బర్డ్‌లో `View > Message Body As > Plain Text` పెట్టుకున్నవారికి, భద్రత కోసం హెచ్‌టీఎంఎల్‌ను తీసేసే కొన్ని ఆఫీసు మెయిల్ వ్యవస్థలకు.

`alt` విషయంలో ఒక్క జాగ్రత్త చాలు. అవుట్‌లుక్ ఆ మాటలకు ముందు తన పొడవైన ఇంగ్లిష్ హెచ్చరికను చేరుస్తుంది. చిన్న గడి అయితే ఆ హెచ్చరికతోనే నిండిపోయి, తెలుగు మాట కిందికి జారి కనిపించకుండా పోతుంది. అందుకే ధరలు, తేదీలు, చిరునామా లాంటివి `alt` మీద వదిలేయకుండా హెచ్‌టీఎంఎల్‌లోనే అక్షరాలుగా ఉంచడం మేలు. బ్యానర్‌కు, ఫొటోలకు `alt` చాలు.

## ఒకే కవరులో రెండు ఉత్తరాలు

ఒకే మెయిల్‌లో రెండు రూపాలు పెట్టే పద్ధతికి `multipart/alternative` అని పేరు. 1996 నాటి మైమ్ అనే మెయిల్ ప్రమాణంలోనే ఇది ఉంది. ఒక కవరులో ఒకే ఉత్తరాన్ని రెండు రకాలుగా రాసి పెట్టినట్టు ఇది పనిచేస్తుంది. అందుకున్న ప్రోగ్రామ్ తనకు చేతనైన రూపాల్లో చివరిదాన్ని ఎంచుకుంటుంది. కాబట్టి సాదా రూపం ముందు, డిజైన్ రూపం తరవాత ఉండాలి.

```
Content-Type: multipart/alternative; boundary="gadi1"

--gadi1
Content-Type: text/plain; charset=UTF-8
Content-Transfer-Encoding: base64

(ప్లెయిన్ టెక్స్ట్)
--gadi1
Content-Type: text/html; charset=UTF-8
Content-Transfer-Encoding: base64

(డిజైన్ రూపం)
--gadi1--
```

ఈ వరుస తలకిందులైతే లక్షణం వెంటనే తెలుస్తుంది: డిజైన్ చూపించగల ప్రోగ్రామ్‌లలో కూడా చాలాచోట్ల సాదా రూపమే తెరుచుకుంటుంది. మరో పొరపాటు, `alternative` బదులు `mixed` అని ఉండటం. అప్పుడు రెండూ ఒకదాని కింద ఒకటి వచ్చి, పాఠకుడు ఒకే వార్తను రెండుసార్లు చదవాల్సి వస్తుంది. మెయిలింగ్ సర్వీసులు వాడితే ఈ కూర్పు అవే చూసుకుంటాయి. సొంత ప్రోగ్రామ్‌తో పంపేవారు మాత్రం ఇది గమనించుకోవాలి. పైథాన్‌లో అయితే రెండే వరుసలు:

```
msg.set_content(sada, cte="base64")
msg.add_alternative(design, subtype="html", cte="base64")
```

సాదా రూపం లేకపోతే కలిగే నష్టం పాఠకుడితో ఆగదు. స్పామ్‌అసాసిన్ లాంటి వడపోతల్లో హెచ్‌టీఎంఎల్ మాత్రమే ఉన్న మెయిల్‌కు `MIME_HTML_ONLY` అనే నియమం, మాటలు తక్కువై బొమ్మే ఎక్కువైన మెయిల్‌కు `HTML_IMAGE_ONLY` వరుసలోని నియమాలు ఉన్నాయి. రెండు రూపాల మాటలు ఒకదానితో ఒకటి బొత్తిగా పొసగకపోతే `MPART_ALT_DIFF` అనే ఇంకో నియమం ఉంది. ‘డిజైన్ చూడాలంటే ఈ లింకు నొక్కండి’ అని ఒక్క వాక్యం రాసి ప్లెయిన్ టెక్స్ట్ అయిపోయిందనిపించడం అందుకే పనికిరాదు.

## మాటలు ఎక్కడి నుంచి తీసుకోవాలి

డిజైన్ పూర్తయ్యాక ‘ఇప్పుడు టెక్స్ట్ తీయండి’ అనడంతోనే చిక్కు మొదలవుతుంది. అను ఫాంట్లు యూనికోడ్‌కు చెందినవి కావు. వాటిలో తెలుగు రూపాలు ఇంగ్లిష్ అక్షరాల, గుర్తుల గళ్లలో కూర్చుని ఉంటాయి. కంప్యూటర్ లెక్కలో అక్కడ తెలుగు లేదు. ఇంగ్లిష్ అక్షరాల గుంపుకు తెలుగు వేషం మాత్రమే ఉంది. పేజ్‌మేకర్ నుంచి కాపీ చేసి మెయిల్‌లో పేస్ట్ చేస్తే ఆ వేషం జారిపోయి గుర్తులూ ఇంగ్లిష్ అక్షరాలూ కలగాపులగంగా మిగులుతాయి. బొమ్మ నుంచి ఓసీఆర్‌తో లాగడం మరీ ప్రమాదం. ఒత్తులు, అంకెలు తప్పుగా పడతాయి, తప్పు పడినట్టు పైకి తెలియదు కూడా.

అను మ్యాటర్‌ను యూనికోడ్‌లోకి మార్చే కన్వర్టర్లు ఉన్నాయి. అవి అక్షరం గడిని చూసి మారుస్తాయి తప్ప ఆ ముక్క ఏ ఫాంటులో ఉందో వాటికి తెలియదు. అందుకే మ్యాటర్ మధ్యలో వేరే ఫాంటులో టైపైన ఇంగ్లిష్ మాటలు, వెబ్ చిరునామాలు, మెయిల్ ఐడీలు కూడా తెలుగుగా భ్రమపడి వింత అక్షరాలుగా మారతాయి. మార్చడానికి ముందే అలాంటివాటిని పక్కకు తీసి, వాటి చోట 1, 2, 3 అని గుర్తులు పెట్టుకుని, మార్చాక తిరిగి అతికించడం తేలికైన దారి. తరవాత ఒత్తులు, కొటేషన్ గుర్తులు, అంకెల మధ్య గీతలు ఒక్కసారి కళ్లతో చూడాలి. ఒత్తు విడిపోయి చుక్కల వలయంతో వేరుగా నిలబడి ఉంటే అక్కడ మార్పిడి తప్పిందని అర్థం.

పని తగ్గాలంటే వరుసనే మార్చుకోవాలి. మ్యాటర్ మొదట యూనికోడ్‌లో టైపై, దిద్దుబాట్లు అందులోనే జరిగి, ఆ తరవాత డిజైన్‌కు వెళ్లాలి. ప్రింటు కోసం అను తప్పనిసరైతే యూనికోడ్ నుంచి అనులోకి మార్చుకోవచ్చు. అప్పుడు ప్లెయిన్ టెక్స్ట్ ఎక్కడి నుంచీ తీయనక్కర్లేదు. ఆ మూలప్రతే దానికి ముడిసరుకు.

## ఆటోమేటిక్ మార్పిడి ఏం చేస్తుంది

చాలా మెయిలింగ్ సర్వీసులు హెచ్‌టీఎంఎల్ నుంచి ప్లెయిన్ టెక్స్ట్‌ను వాటంతట అవే తయారుచేస్తాయి. సొంతంగా చేసేవారు కమాండ్ లైన్‌లో లింక్స్ బ్రౌజర్‌ను వాడతారు.

```
lynx -dump -width=72 -display_charset=utf-8 patrika.html
```

ఇది చిత్తుప్రతిగా పనికొస్తుంది. నేరుగా పంపడానికి పనికిరాదు, ఎందుకో ఒక ఉదాహరణలో స్పష్టంగా కనిపిస్తుంది. గుంటూరు మిర్చి వ్యాపారుల సంఘం ఒకటి పక్షానికోసారి న్యూస్‌లెటర్ పంపుతోందని అనుకుందాం. పైన బ్యానర్. దాని కింద ధరల పట్టిక, అదీ బొమ్మే. తరవాత రెండు కాలమ్‌లు: ఎడమన కోల్డ్ స్టోరేజీ నోటీసు, కుడిన సమావేశం వార్త. కింద ఐదు వారాల సరుకు రాబడి చూపించే నిలువు గీతల చార్టు. చివర ‘పేరు నమోదు’ బటన్, చిరునామా. అందుకునేవారిలో ఎగుమతి ఆఫీసులు, కోల్డ్ స్టోరేజీలు, కమీషన్ దుకాణాలు ఉంటాయి.

ఈ పేజీని యంత్రానికి ఇస్తే మొదట దెబ్బతినేది రెండు కాలమ్‌ల వరుస. మెయిల్ డిజైన్‌లో కాలమ్‌లను సాధారణంగా టేబుల్ గళ్లతో కడతారు. డిజైనర్ రెండు శీర్షికలు ఒకే ఎత్తులో ఉండాలని పై వరుసలో శీర్షికలను, కింది వరుసలో పేరాలను పెట్టి ఉంటే, యంత్రం టేబుల్‌ను వరుసలుగా చదువుతుంది. అప్పుడు వచ్చేది ఇదీ:

```
[dharalu_final2.jpg]
కోల్డ్ స్టోరేజీ నోటీసు
సమావేశం 14న
పాత సరుకు ఉన్నవారు నెలాఖరులోగా అద్దె చెల్లించాలి.
ఉదయం పది గంటలకు యార్డు సమావేశ మందిరంలో.
```

కంటికి ఎడమ, కుడి విడిగా ఉన్నప్పుడు అర్థమయ్యేది, ఒకే దారం మీదికి వచ్చేసరికి నోటీసు శీర్షిక కింద సమావేశం, సమావేశం కింద అద్దె అయిపోయింది. మొదటి వరుసలో ధరల పట్టిక స్థానంలో ఫైలు పేరు మిగిలింది. `alt` రాయకపోతే లింక్స్ అలాగే చూపిస్తుంది. వ్యాపారి ఈ మెయిల్ తెరిచేదే ఆ ధరల కోసం.

ఫైళ్లను ఒక రూపం నుంచి మరో రూపంలోకి మార్చే పాన్‌డాక్ ప్రోగ్రామ్‌ది ఇంకో రకం తప్పు. `pandoc -t plain` ఇచ్చే ఫలితం చూడటానికి శుభ్రంగా ఉంటుంది కానీ లింకుల చిరునామాలను వదిలేసి పై మాటలనే ఉంచుతుంది. ‘పేరు నమోదు’ అన్న మాట మిగులుతుంది, ఎక్కడ నమోదు చేసుకోవాలో పోతుంది.

తెలుగుకే ప్రత్యేకమైన నష్టం ఒకటుంది, అది చాలాకాలం ఎవరి కంటా పడదు. ఇన్‌బాక్స్ జాబితాలో విషయం పక్కన కనిపించే చిన్న మాటల వెనక, మిగతా మ్యాటర్ తొంగిచూడకుండా డిజైనర్లు కనిపించని అక్షరాలను వరుసగా పేరుస్తారు. అవి ఎక్కువగా `‌ ` జంటలు. ప్లెయిన్ టెక్స్ట్‌లో అవి పెద్ద ఖాళీగా తేలతాయి కాబట్టి శుభ్రం చేసే స్క్రిప్టులు ‘కనిపించనివన్నీ తీసేయ్’ అంటాయి. కానీ తెలుగులో ఆ `U+200C` కు అసలైన పని ఉంది. ‘మార్కెట్‌లో’ అన్న మాటలో ట్, లో విడివిడిగా నిలవడానికి కారణం అదే. దాన్ని తీసేస్తే ‘మార్కెట్లో’ అవుతుంది, అది చదవడానికి ఇబ్బంది లేదు. ‘ఫేస్‌బుక్’ కాస్తా ‘ఫేస్బుక్’ అయి స కింద బ ఒత్తు చేరుతుంది. ఇలాంటివి పేజీ నిండా పడితే చదివేవాడికి ప్రతి వరుసలో ఒక తట్టు తగులుతుంది. తీయాల్సింది మాటలకు బయట గుంపుగా ఉన్నవాటిని మాత్రమే. రెండు తెలుగు అక్షరాల మధ్య ఒంటరిగా ఉన్నదాన్ని ముట్టుకోకూడదు.

## ఆ సంచికనే చేత్తో కూర్చితే

ప్లెయిన్ టెక్స్ట్‌లో రంగు, సైజు, బోల్డ్ ఉండవు. ఇంగ్లిష్‌వారు శీర్షికలను పెద్ద అక్షరాల్లో రాసి తేడా చూపిస్తారు. తెలుగుకు ఆ వీలు లేదు, మన లిపిలో పెద్ద చిన్న అక్షరాల భేదమే లేదు. మిగిలిన సాధనాలు మూడే: ఖాళీ వరుస, అంకె, గీతల వరుస. శీర్షికకు ముందు రెండు ఖాళీ వరుసలు, తరవాత ఒకటి, మొదట్లో అంకె, పెద్ద విభాగాల మధ్య పది పన్నెండు గీతలు. ఇంతకుమించిన అలంకారం ఫోన్ తెరపై వరుస విరిగి చెత్తలా కనిపిస్తుంది.

మొదట్లోనే సంచికలో ఏముందో నాలుగు వరుసల్లో చెప్పాలి. డిజైన్ పేజీని కన్ను ఒక్క చూపులో గ్రహిస్తుంది, టెక్స్ట్‌ను మాత్రం పైనుంచి కిందికి జారుస్తూ పోవాలి. ధరల కోసం వచ్చినవాడికి అవి రెండో అంశంలో ఉన్నాయని తెలిస్తే ఆగుతాడు.

ఇక పట్టిక. ఇక్కడ ఇంగ్లిష్ అలవాటును తెలుగులోకి తేవడం కుదరదు. ఖాళీలు కొట్టి నిలువు వరుసలు కలపడం పనిచేసేది, ప్రతి అక్షరం ఒకే వెడల్పున్న ఫాంటులో మాత్రమే. తెలుగులో ‘ర’ వెడల్పు వేరు, ‘ఝ’ వెడల్పు వేరు. గుణింతాలు, ఒత్తులు కొన్ని చోటు తీసుకుంటాయి, కొన్ని తీసుకోవు. పంపినవారి తెరపై తిన్నగా నిలిచిన వరుస అవతలివారి ఫోన్‌లో వంకరలు పోతుంది. ధర ఏ రకానిదో తెలియకపోతే అది అందం సమస్య కాదు, నష్టం సమస్య. అందుకే ప్రతి వరుసను తనంతట తాను అర్థమయ్యే చిన్న వాక్యంగా విప్పాలి. కింది అంకెలు చూపడానికి వేసినవే, యార్డు ధరలు కావు.

```
2. ఈ పక్షం ధరలు
క్వింటాలుకు రూపాయల్లో, కనిష్ఠం నుంచి గరిష్ఠం

  తేజ: 11,000 నుంచి 14,000
  బాడిగ: 10,500 నుంచి 13,500
  334: 10,000 నుంచి 13,000
  తాలు: 5,000 నుంచి 7,000
```

ఇందులో మూడు నిర్ణయాలున్నాయి. కొలమానం ఒక్కసారే, పైనే చెప్పారు. అంకెల మధ్య గీత బదులు ‘నుంచి’ అని రాశారు; ఫాంటు మారితే గీత మైనస్‌లా కనిపించే ప్రమాదం లేదు, వినిపించే సాఫ్ట్‌వేర్ కూడా సరిగా చదువుతుంది. ‘334’ అన్న రకం పేరు అంకెల్లోనే ఉంది కనుక కోలన్ తప్పనిసరి, లేకపోతే అదీ ధరలో కలిసిపోతుంది.

వరుసల మొదట రెండు ఖాళీలు వదిలినదీ కావాలనే. క్లాసిక్ డెస్క్‌టాప్ అవుట్‌లుక్‌లో ప్లెయిన్ టెక్స్ట్ మెయిళ్లలోని ‘అదనపు’ వరుస విరుపులను తీసేసే అమరిక ముందే ఆన్ అయి ఉంటుంది. దాని దృష్టిలో ధరల నాలుగు వరుసలు ఎవరో అనవసరంగా విరగ్గొట్టిన ఒకే పేరా కావచ్చు. అలాంటప్పుడు నాలుగింటినీ కలిపి ఒకే వాక్యంగా కుడుతుంది, పైన ఆ సంగతి చెబుతూ చిన్న గమనిక చూపిస్తుంది. వరుస మొదట్లో రెండు ఖాళీలుంటే సాధారణంగా వాటి జోలికి రాదు. అంశానికీ అంశానికీ మధ్య ఖాళీ వరుస ఉంచడం ఇంకా భద్రం, చోటు ఎక్కువ తీసుకున్నా.

చార్టును మాటల్లోకి తేవడం వేరే పని. ‘ఐదు వారాల రాబడి చార్టు’ అని రాస్తే చెప్పింది ఏమీ లేదు. చార్టు ఎందుకు వేశారో ఆ విషయాన్ని మొదటి వాక్యంలో పెట్టాలి: రాబడి వరుసగా నాలుగు వారాలు పెరిగి ఐదో వారం తగ్గింది. ఆ తరవాత వారానికొక వరుసగా టిక్కీల, అంటే మిర్చి బస్తాల, లెక్క. ఫొటోల విషయంలో ఇంత శ్రమ అక్కర్లేదు. సభ ఫొటోకు వార్తలో లేని సమాచారం ఏదైనా ఉంటేనే ఒక వాక్యం, లేకపోతే పూర్తిగా వదిలేయవచ్చు. `[ఫొటో]` అని గుర్తు మాత్రం పెట్టకూడదు, పాఠకుడికి తనకేదో అందలేదన్న అనుమానం తప్ప దానివల్ల ఒరిగేది లేదు.

చివరగా, డిజైన్‌ను నమ్ముకుని రాసిన మాటలను వెతికి మార్చాలి. ‘పక్క పట్టికలో చూడండి’, ‘ఎరుపు రంగులో ఉన్నవి ఖాళీ గదులు’, ‘కింది బటన్ నొక్కండి’ వంటివి మూలప్రతిలో ఎక్కడో ఒకచోట ఉంటాయి. సాదా రూపంలో పక్క లేదు, ఎరుపు లేదు, బటన్ లేదు. ‘రెండో అంశంలో’, ‘గుర్తుపెట్టిన గదులు’, ‘ఈ లింకులో’ అని దిద్దుకోవాలి.

## లింకుకు అంటుకునే ‘లో’

తెలుగులో విభక్తి మాటకు అంటుకుని వస్తుంది. ఆ అలవాటుతో `https://example.org/namoduలో` అని రాస్తే, కొన్ని ప్రోగ్రామ్‌లు ‘లో’ను కూడా చిరునామాలో భాగమనుకుని నీలి గీతలోకి లాగేస్తాయి. నొక్కితే పేజీ దొరకదు. చివర పెట్టిన చుక్కతోనూ కొన్నిచోట్ల ఇదే ఇబ్బంది. దీనికి నమ్మకమైన పద్ధతి ఒకటే: వాక్యం కోలన్‌తో ముగించి, లింకును కింది వరుసలో ఒంటరిగా ఉంచడం.

```
సమావేశానికి పేరు ఇక్కడ నమోదు చేసుకోండి:
https://example.org/namodu
```

లింకులోనే తెలుగు మాటలుంటే కాపీ చేసేటప్పుడు ఒక్కో కోడ్ `%E0%B0%85` లాగా తొమ్మిది అక్షరాలుగా విచ్చుకుంటుంది. నాలుగు మాటల శీర్షిక మూడు వందల అక్షరాల లింకవుతుంది. అందుకే పేజీ చిరునామాను ఇంగ్లిష్ లిపిలో పొట్టిగా పెట్టుకోవడం మంచిది. మెయిలింగ్ సర్వీసు లెక్కల కోసం ప్రతి లింకుకూ తోక తగిలిస్తుంటే, కనీసం ప్లెయిన్ టెక్స్ట్ రూపంలోనైనా దాన్ని ఆపమనడం పాఠకుడికి ఉపకారం. చందా ఆపుకునే లింకు సాదా రూపంలోనూ ఉండాలి. అది దొరకనివాడు స్పామ్ బటన్ నొక్కుతాడు.

## వరుస పొడవు, మూడేసి బైట్లు

మెయిల్ ప్రమాణం ప్రకారం ఒక వరుస 998 బైట్లు దాటకూడదు, 78 దాటకపోతే మంచిది. ఇంగ్లిష్‌లో ఒక అక్షరం ఒక బైటు కాబట్టి 998 అంటే పెద్ద పేరా. తెలుగులో ‘గుంటూరు’ అన్న మాట కంటికి మూడక్షరాలు. కంప్యూటర్‌కు అది గ, ఉకారం, సున్న, ట, ఊకారం, ర, ఉకారం అని ఏడు కోడ్‌లు. యూటీఎఫ్-8లో ఒక్కోటి మూడు బైట్లు, వెరసి 21. ఆ లెక్కన సుమారు 40 మాటల తెలుగు పేరాకే ఒక వరుస పరిమితి నిండిపోతుంది.

దాటితే ఏమవుతుంది? పోస్ట్‌ఫిక్స్ సర్వర్ 998 దగ్గర వరుసను విరిచి ఒక ఖాళీ చేరుస్తుంది. ఆ విరుపు మూడు బైట్ల మధ్యలో పడిందంటే అక్షరం ముక్కలై, ఆ చోట ప్రశ్నార్థకం ఉన్న నల్ల వజ్రం కనిపిస్తుంది. మిగతా పేరా అంతా బాగుండి, పేరా మధ్యలో ఒక్కచోటే వజ్రాలు కనిపిస్తే కారణం దాదాపు ఇదే. మొత్తం మెయిల్ వింత గుర్తులతో నిండిపోతే కారణం వేరు. `charset=UTF-8` అన్న మాట తలపట్టీలో లేదని అర్థం.

వరుసలను 72 అక్షరాల దగ్గర చేత్తో విరవడం పాత సలహా. తెలుగుకు అది సరిపడదు. కోడ్‌ల లెక్కకూ కంటికి కనిపించే వెడల్పుకూ పొంతన లేదు కాబట్టి వరుసలు ఎగుడుదిగుడుగా వస్తాయి. ఫోన్‌లో మరీ అన్యాయం: పొడవైన వరుస సగంలో మడత పడి, దాని కింద రెండు మాటల తుంట, మళ్లీ పొడవు వరుస, మళ్లీ తుంట. పేరాను విరవకుండా ఒకే వరుసగా ఉంచి, పంపేటప్పుడు బైట్లను సాదా ఇంగ్లిష్ అక్షరాలుగా మార్చే బేస్64లో కట్టడం ఇంతకన్నా మెరుగు. బేస్64 తన లోపలి వరుసలను 76 అక్షరాలకే కత్తిరించుకుంటుంది, అవతల విప్పినప్పుడు పేరా చెక్కుచెదరకుండా వస్తుంది, తెర వెడల్పును బట్టి ప్రోగ్రామే మడుస్తుంది.

క్వోటెడ్-ప్రింటబుల్ అనే మరో కట్టు ఉంది. ఇంగ్లిష్‌కు అది మంచిదే. తెలుగులో ప్రతి బైటూ మూడక్షరాలుగా ఉబ్బుతుంది కనుక ‘గుంటూరు’ 63 అక్షరాలవుతుంది; అదే బేస్64లో 28. మూడు వేల కోడ్‌ల సంచిక ఒకదాంట్లో సుమారు 27,000 బైట్లు, రెండోదాంట్లో సుమారు 12,000. హెచ్‌టీఎంఎల్ రూపాన్ని కూడా తెలుగు ఇలాగే బరువెక్కిస్తుంది. జీమెయిల్ దాదాపు 102 కేబీ దాటిన మెయిల్‌ను మధ్యలో కత్తిరించి `View entire message` అని చూపిస్తుంది కాబట్టి ఆ లెక్కను డిజైనర్ ముందే గుర్తుంచుకోవాలి.

## పంపే ముందు

ఫైలులో అక్షరాలు చెడిపోయాయా అన్నది ఒక కమాండ్‌తో తెలుస్తుంది. తప్పుంటే ఎన్నో బైటు దగ్గరో చెబుతుంది, లేకపోతే మౌనంగా ఉంటుంది.

```
iconv -f UTF-8 -t UTF-8 patrika.txt > /dev/null
```

తరవాత మూడు చోట్ల చూడాలి. బొమ్మలు ఆపిన అవుట్‌లుక్‌లో ధరలు, తేదీలు కనిపిస్తున్నాయా అన్నది మొదటిది. థండర్‌బర్డ్‌ను ప్లెయిన్ టెక్స్ట్‌లోకి మార్చి మొత్తం చదవడం రెండోది. చేత్తో కూర్చిన మాటలే అక్కడ కనిపిస్తున్నాయో లేదో చూసుకోవాలి. జీమెయిల్‌లో `Show original` తెరిచి `text/plain` ముందు, `text/html` తరవాత ఉన్నాయో లేదో చూడటం మూడోది.

అన్నీ సరిగా ఉన్నా ఒక తప్పు మిగలవచ్చు, అది యంత్రానికి దొరకదు. ఆఖరి నిమిషంలో తేజ ధర మారుతుంది, డిజైనర్ బొమ్మలో దిద్ది పంపేస్తాడు, టెక్స్ట్‌లో పాత ధరే ఉండిపోతుంది. ఒకే మెయిల్ ఒక దుకాణానికి 14,000 అని, పక్క దుకాణానికి 13,500 అని చెబుతుంది, ఇద్దరిలో ఎవరికీ తప్పు తెలియదు. దీన్ని ఆపాలంటే ఏ మార్పయినా ముందు మూలప్రతిలో చేసి, అక్కడి నుంచే రెండు రూపాల్లోకీ పోవాలి. పంపేముందు ప్రెస్సుల్లో పాతకాలం నుంచీ ఉన్న పద్ధతిలో ఒకరు డిజైన్ చూసి అంకెలు, తేదీలు, ఫోన్ నంబర్లు పైకి చదువుతుంటే మరొకరు ప్లెయిన్ టెక్స్ట్‌లో వేలుపెట్టి సరిచూసుకోవాలి. ఈ నమూనా సంచికంత దానికి ఐదు నిమిషాలు పట్టదు.